వేలి వేగం కాదు, ఆడియో నిమిషం లెక్క

ఇంట్లో కూర్చుని చేసుకునే పనుల గురించి ఈ శీర్షికలో రాసినప్పుడల్లా ట్రాన్‌స్క్రిప్షన్ గురించి ఒకే ప్రశ్న వస్తుంది. "నిమిషానికి ఎన్ని పదాలు టైప్ చేస్తే ఈ పని ఇస్తారండీ?" అని. పిల్లలు స్కూలుకి వెళ్ళాక మూడు నాలుగు గంటలు ఖాళీ దొరికే వాళ్ళకి సహజంగానే ముందు తట్టేది ఇదే. జవాబు చిన్నదే. ఎక్కువ చోట్ల యాభై అరవై పదాలు వస్తే చాలు, తలుపు తెరుచుకుంటుంది. కానీ లోపలికి వెళ్ళాక మన గంటకి ఎంత గిడుతుందో తేల్చేది ఆ సంఖ్య కాదు. ఈసారి ఆ లెక్కే చెబుతాను.

ట్రాన్‌స్క్రిప్షన్ అంటే రికార్డు చేసిన మాటని విని అక్షరంలో పెట్టడం. ఇంటర్వ్యూలు, మీటింగులు, క్లాసు పాఠాలు, పరిశోధన కోసం జనాన్ని అడిగిన ప్రశ్నలు, ఇలాంటివన్నీ వస్తాయి. దీనికి డబ్బు మనం పనిచేసిన గంటకి ఇవ్వరు, ఆడియో నిమిషానికి ఇస్తారు. అరగంట రికార్డింగు మీద మీరు రెండు గంటలు కూర్చున్నా నాలుగు గంటలు కూర్చున్నా వచ్చేది ముప్ఫై నిమిషాల డబ్బే. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే మిగతావన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.

నేను బీఎస్సీ కెమిస్ట్రీ చదివాను. ల్యాబ్ రికార్డు రాసిన అలవాటు పోలేదు కాబట్టి ఈ పని మొదలుపెట్టినప్పుడు ప్రతి ఫైలుకీ ఎంతసేపు పట్టిందో, ఆ సేపు ఎక్కడ ఖర్చయిందో ఒక నోటుబుక్కులో రాసుకునేదాన్ని. అందులోంచి ఒక ఫైలు చూపిస్తాను. ముప్ఫై నిమిషాల ఇంటర్వ్యూ, ఇద్దరు మనుషులు, చప్పుడు లేని గది, ఆడియో నిమిషానికి 75 సెంట్లు. అంటే ఫైలు మొత్తానికి ఇరవై రెండున్నర డాలర్లు.

మామూలు సంభాషణలో మనిషి నిమిషానికి సుమారు 150 పదాలు మాట్లాడతాడు. అరగంటకి 4500. అందులో తడబాట్లు, అనవసరపు "అమ్", "అహ్"లు తీసేస్తే టైప్ చేయాల్సినవి ఇంచుమించు 4000 పదాలు. అప్పుడు నా వేగం యాభై. కాబట్టి టైపింగుకే 80 నిమిషాలు పట్టింది. ఆపి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ వినడానికి 70 నిమిషాలు. ఊళ్ళ పేర్లు, మనుషుల పేర్లు, మందుల పేర్లు వెతికి సరిచూసుకోవడానికి 25. చివర మొత్తం మళ్ళీ వింటూ దిద్దుకోవడానికి 45. అన్నీ కలిపితే 220 నిమిషాలు, అంటే గంటకి ఆరు డాలర్ల పధ్నాలుగు సెంట్లు. అమెరికాలో ఫెడరల్ కనీస వేతనం 2009 నుంచి గంటకి 7.25 డాలర్లు. ఫైలు లెక్కన పనిచేసే కాంట్రాక్టర్లకి ఆ చట్టం వర్తించదు. అందుకే మనకి ఎంత గిట్టుతోందో మనమే చూసుకోవాలి.

ఇప్పుడు అసలు విషయం. నెలల తరబడి సాధన చేసి టైపింగు వేగాన్ని యాభై నుంచి ఎనభైకి పెంచామనుకుందాం. అది మామూలు శ్రమ కాదు. అప్పుడు టైపింగుకి 80 నిమిషాల బదులు 50 పడుతుంది. మొత్తం 190. గంటకి ఏడు డాలర్ల పది పన్నెండు సెంట్లు. అంత కష్టపడ్డా కనీస వేతనాన్ని అందుకోలేదు. ఎందుకంటే ఆ 220 నిమిషాల్లో 140 నిమిషాలు వేళ్ళు కదపని సమయం. దాన్ని తగ్గించే సాధనాలు ఉన్నాయి, వాటిలో కొన్నింటికి పైసా ఖర్చు లేదు.

మొదటిది ఆపడం, వెనక్కి వెళ్ళడం. మామూలు ప్లేయర్‌లో ఆడియో పెట్టుకుని, వర్డ్‌లో టైప్ చేస్తూ, ప్రతిసారీ మౌస్ పట్టుకుని అటూ ఇటూ మారితే ఒక్కో ఆపుడుకి రెండు మూడు సెకన్లు పోతాయి. అరగంట ఫైల్లో వందల సార్లు ఆపుతాం. దీనికి మందు, చెయ్యి కీబోర్డు మీంచి తీయకుండా ఆడియో నడపడం. ఓట్రాన్‌స్క్రైబ్ అనే ఉచిత సాధనం బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. ఆడియో, టైపింగు రెండూ ఒకే కిటికీలో ఉంటాయి. `Esc` నొక్కితే ఆగుతుంది, మళ్ళీ నొక్కితే నడుస్తుంది. `F1` వెనక్కి, `F2` ముందుకి, `F3` నెమ్మదిగా, `F4` వేగంగా. `Ctrl+J` నొక్కితే ఆ క్షణం గడియారం పడుతుంది. ఆడియో ఫైలు మన కంప్యూటర్ దాటి ఎక్కడికీ పోదు, అది పెద్ద సుగుణం. రాసింది కూడా మన బ్రౌజర్‌లోనే దాచుకుంటుంది. కాబట్టి బ్రౌజర్ చరిత్ర, డేటా తుడిచేస్తే అదీ పోతుంది. రోజూ పని అయ్యాక బయటికి తీసి ఫైలుగా దాచుకోండి.

పని నిలకడగా వస్తుంటే ఫుట్ పెడల్ కొనుక్కోవచ్చు. అమ్మ కుట్టు మిషను తొక్కినట్టే కాలితో నడిపేది. నొక్కితే ఆడియో నడుస్తుంది, కాలు తీస్తే ఆగుతుంది. పక్కనున్న రెండు చిన్న మీటలు వెనక్కీ ముందుకీ. దీన్ని ఎక్స్‌ప్రెస్ స్క్రైబ్ లాంటి ట్రాన్‌స్క్రిప్షన్ ప్లేయర్‌తో కలిపి వాడతారు. పెడల్ లేకపోయినా అందులో `F9` నడుపుతుంది, `F4` ఆపుతుంది, `F7` వెనక్కి తీసుకెళ్తుంది. పెడల్ కొన్నా కొనకపోయినా ఒక అమరిక మాత్రం తప్పక చూసుకోండి. ఆపినప్పుడు ఆడియో దానంతటదే ఒకటి రెండు సెకన్లు వెనక్కి జరిగే సదుపాయం ఉంటుంది. మళ్ళీ నడిపేసరికి ఆఖరి రెండు మూడు మాటలు ఇంకోసారి వినిపిస్తాయి, అతుకు దగ్గర మాట జారిపోదు. నా నోటుబుక్కులో 70 నిమిషాలు 30కి దిగడానికి ముఖ్య కారణం ఈ చిన్న అమరికే.

హెడ్‌ఫోన్లు వైరున్నవే వాడండి. బ్లూటూత్‌లో శబ్దం కొంచెం ఆలస్యంగా చెవికి చేరుతుంది. సినిమా చూసేటప్పుడు తెలియదు కానీ, ఆపి నడిపే పనిలో కాలు తీశాక కూడా మాట సాగుతూ చికాకు పెడుతుంది.

రెండోది పదే పదే వచ్చే మాటలు. ఒక ఇంటర్వ్యూలో "government", "environment", సంస్థ పేరు, మాట్లాడేవారి పేరు యాభై అరవై సార్లు రావచ్చు. ప్రతిసారీ పూర్తిగా టైప్ చేయడం ఎందుకు? పొట్టి అక్షరాలు కొడితే పూర్తి మాటగా విప్పే సాధనాలున్నాయి. విండోస్‌లో ఆటోహాట్‌కీ ఉచితం. నోట్‌ప్యాడ్‌లో ఇలా నాలుగు వరసలు రాసి `.ahk` ఫైలుగా దాచి నడిపితే చాలు.

```
::xgv::government
::xenv::environment
::xbc::because
::xafk::as far as I know
```

`xgv` కొట్టి స్పేస్ నొక్కగానే పూర్తి మాట పడుతుంది. మాక్‌లో కీబోర్డు సెట్టింగుల్లోనే ఈ సౌకర్యం ఉంది. వర్డ్‌లో ఆటోకరెక్ట్‌తో కూడా చేసుకోవచ్చు. నేను ప్రతి పొట్టి మాటనీ `x`తో ఎందుకు మొదలుపెట్టానంటే, ఇంగ్లీషులో ఆ అక్షరంతో మొదలయ్యే మాటలు చాలా తక్కువ. అందువల్ల మామూలు మాట టైప్ చేస్తుంటే పొరపాటున విప్పుకుపోదు. ఒక జాగ్రత్త ఉంది. పేరు స్పెల్లింగ్ ఇక్కడ తప్పుగా పెడితే ఆ తప్పు అరవై చోట్లా నమ్మకంగా పడుతుంది. అందుకే జాబితా రాసేటప్పుడే సరిచూసుకోవాలి.

ఆ సరిచూసుకోవడమే మూడోది. ఫైలు తెరవగానే టైపింగు మొదలుపెట్టకండి. ముందు ఐదు నిమిషాలు అక్కడక్కడా వినండి. ఎవరెవరు మాట్లాడుతున్నారు, ఏ విషయం, ఏ పేర్లు వస్తున్నాయి చూసి ఒక చిట్టా రాసుకోండి. పని ఇచ్చినవాళ్ళు పేర్ల పట్టిక పంపితే అదీ కలుపుకోండి. అప్పుడు మధ్యలో ఆగి వెతుక్కునే 25 నిమిషాలు పదిహేనుకి వస్తాయి.

నాలుగోది చివరి వినికిడి. దిద్దుకునేటప్పుడు ఆడియోని మామూలు వేగంతో కాకుండా ఒకటింబావు రెట్లు పెంచి, కళ్ళతో అక్షరం వెంట పరుగెత్తండి. ముప్ఫై నిమిషాల ఆడియో 24 నిమిషాల్లో అయిపోతుంది. దిద్దడానికి ఆగిన సమయం కలిపినా 35. వేగంగా వింటుంటే వదిలేసిన చిన్న మాటలు ఇంకా బాగా పట్టుబడతాయి, ఎందుకంటే మనసు పక్కకి పోయే సందు ఉండదు.

ఇప్పుడు మళ్ళీ కూడదాం. పొట్టి మాటల సాయంతో టైపింగు 70, ఆపి వినడం 30, వెతకడం 15, దిద్దడం 35. మొత్తం 150 నిమిషాలు. గంటకి తొమ్మిది డాలర్లు. వేళ్ళ వేగం మాత్రం అదే యాభై. ఒక నిమిషం ఆడియోకి ఏడు నిమిషాలు పైన పట్టేది ఐదుకి వచ్చింది. అనుభవం ఉన్నవాళ్ళు శుభ్రమైన ఆడియోకి ఒకటికి నాలుగు అంటారు. అక్కడికి చేరాక టైపింగు వేగం పెంచుకుంటే ఆ లాభం నిజంగా చేతికొస్తుంది.

ఇక ఖచ్చితత్వం. సాధారణంగా 98 లేదా 99 శాతం అడుగుతారు. వినడానికి పరీక్షలో మార్కుల్లా హాయిగా ఉంటుంది. లెక్క వేయండి. 4000 పదాల్లో 98 శాతం అంటే 80 తప్పులు, 99 శాతం అంటే 40. పేజీకి 250 పదాలనుకుంటే 99 శాతానికి పేజీకి రెండు మూడు తప్పులే. వదిలేసిన మాట తప్పే, ఒకరి మాట ఇంకొకరి పేరు కింద పడితే తప్పే, ఇచ్చిన నియమావళిని మీరిన కామా కూడా చాలా చోట్ల తప్పే. టైపింగు టెస్టులో వచ్చే వేగాన్ని నమ్ముకోవద్దని అందుకే అంటాను. అక్కడ ఐదు మీటలు ఒక పదం కింద లెక్క, పైగా కళ్ళ ముందున్నది చూసి కొడతాం. ఇక్కడ విని, అర్థం చేసుకుని, ఏది ఉంచాలో ఏది తీయాలో నిర్ణయించి కొట్టాలి.

ఆ ఉంచడం తీయడం దగ్గరే కొత్తవాళ్ళ మార్కులు ఎక్కువ పోతాయి. క్లీన్ వర్బేటిమ్ అని అడిగితే తడబాట్లు తీసేయాలి, కానీ మాట మార్చకూడదు. ఒక వాక్యం చూడండి. మొదటిది ఆయన అన్నట్టే రాసినది, రెండోది శుభ్రం చేసినది.

```
Um, we- we started the, you know, the clinic in, uh, in 2011, I think, 2012.
We started the clinic in 2011, I think, 2012.
```

నత్తి, "అమ్", "యూ నో" పోయాయి. కానీ 2011 తీసేసి 2012 మాత్రమే ఉంచకూడదు. "ఐ థింక్" కూడా ఉండాలి. ఆయనకి ఏడాది సరిగ్గా గుర్తులేదన్నది కూడా సమాచారమే. రేపు ఆ పరిశోధకురాలు ఈ కాగితం చూసి ఏడాది రాసుకుంటుంది. వ్యాకరణం తప్పు మాట్లాడితే దిద్దకూడదు. మనం సంపాదకులం కాదు, చెవులం.

అర్థం తిరగబడే తప్పులు కొన్ని ఉన్నాయి, వాటిని శాతాల్లో కొలవలేం. అమెరికన్ల నోట "can", "can't" విడదీయడం మన చెవికి కష్టం, చివరి ట వినపడదు. దాని కోసం వెతక్కండి, అచ్చు వినండి. "I can do" అన్నప్పుడు అది నలిగిపోయి "కన్" అని వస్తుంది. "can't" అయితే ఒత్తి "క్యాన్" అని నిండుగా వస్తుంది. అలాగే "thirty"ని వాళ్ళు దాదాపు "థర్డీ" అంటారు, "thirteen"లో ట స్పష్టంగా ఉంటుంది, ఒత్తు చివర పడుతుంది. మందు మోతాదులో గానీ డబ్బులో గానీ ఇది మారితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. రెండుసార్లు విన్నా తేలకపోతే ఊహించి రాయకండి. `[inaudible 00:12:34]` అని ఆ క్షణంతో సహా పెట్టి ముందుకెళ్ళండి. ఊహ తప్పయితే ఎవరికీ కనపడదు, ఖాళీ అయితే కనపడుతుంది, అడిగి నింపుకుంటారు.

మనకి కలిసొచ్చే సంగతి కూడా ఒకటుంది. భారతీయులు మాట్లాడిన ఇంగ్లీషు ఫైళ్ళంటే ఇక్కడివాళ్ళు వెనక్కి తగ్గుతారు. "five lakh" అన్నది వాళ్ళకి "lack" అని వినిపిస్తుంది. మనకి "వెంకటేశ్వర్లు", "కాకినాడ" వెతకక్కర్లేదు. "prepone", "do the needful" విన్నప్పుడు కంగారుపడి మార్చేయం. అలాంటి ఫైళ్ళు ఎంచుకునే వీలుంటే అవే ముందు తీసుకోండి, మీ ఒకటికి ఐదు అక్కడే ఒకటికి నాలుగు అవుతుంది.

ఇప్పుడు చాలా చోట్ల యంత్రం రాసిన ముసాయిదా ఇచ్చి దిద్దమంటున్నారు. శుభ్రమైన ఆడియోకి అది నిజంగా సమయం మిగుల్చుతుంది, కానీ నిమిషానికి ఇచ్చేదీ తగ్గుతుంది. అందులో చిక్కు ఏమిటంటే తప్పు కూడా చక్కటి వాక్యంలో ఉంటుంది. చదివితే సాఫీగా ఉంటుంది, వింటే వేరేగా ఉంటుంది. అందుకే చదివి దిద్దకూడదు, విని దిద్దాలి. ఇద్దరు ఒకేసారి మాట్లాడినా, గదిలో గోల ఉన్నా దాన్ని దిద్దడం కన్నా మొదటినుంచి టైప్ చేయడమే త్వరగా అవుతుంది. మొదటి ఐదు నిమిషాలు గడియారం పెట్టి చూసుకుంటే తేలిపోతుంది. ఇంకో మాట. మీకు నమ్మకంతో ఇచ్చిన ఆడియోని మీ అంతట మీరు వేరే సైటులోకి ఎక్కించి రాయించుకోకండి. గోప్యంగా ఉంచుతామని సంతకం పెట్టి ఉంటాం. ఆ ఆడియోలో ఒకరి జబ్బో, కోర్టు గొడవో ఉండొచ్చు.

పని మొదలుపెట్టే ముందు రెండు కాగితాల సంగతి. అమెరికాలో హెచ్-4 వీసా మీద ఉన్నవాళ్ళు ఈఏడీ కార్డు లేకుండా ఇలాంటి పని చేసి డబ్బు తీసుకోకూడదు. "ఇంట్లోనే కదా, ఆన్‌లైన్ కదా" అంటే కుదరదు, మనం కూర్చున్న దేశమే లెక్క. మీ వారి ఐ-140 ఆమోదం పొంది ఉన్నా, ఆరేళ్ళు దాటాక హెచ్-1బి పొడిగింపు మీద ఉన్నా ఈఏడీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. నేను కార్డు చేతికొచ్చాకే మొదటి ఫైలు తీసుకున్నాను. కొన్నాళ్ళ సంపాదన కోసం గ్రీన్‌కార్డు దారిలో ముల్లు వేసుకోవద్దు. వేరే దేశాల్లో ఉన్నవాళ్ళు కూడా మీ వీసా మీద పని చేయవచ్చో లేదో ముందే అడిగి తెలుసుకోండి. ఇక పన్ను. సొంతంగా చేసే పని మీద ఏడాదికి నికరంగా 400 డాలర్లు, ఆ పైన వస్తే, సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ పన్ను 15.3 శాతం ఉంటుంది. అందుకే ఆ తొమ్మిది డాలర్లు మొత్తం చేతిలో పడవు. పెడల్, హెడ్‌ఫోన్ల రసీదులు దాచుకుంటే ఖర్చు కింద చూపించుకోవచ్చు. పని ఇవ్వడానికి మన దగ్గరే రుసుము అడిగేవాళ్ళుంటే అక్కడితో ఆపేయండి. పరీక్ష పెట్టొచ్చు, డబ్బు అడగకూడదు.

మొదలుపెట్టాలనుకునేవాళ్ళు ఈ వారం ఒక పని చేయండి. ఏదైనా ఇంటర్వ్యూలోంచి పది నిమిషాలు తీసుకుని, శుభ్రంగా ట్రాన్‌స్క్రిప్ట్ చేసి, టైపింగు, ఆపి వినడం, వెతకడం, దిద్దడం నాలుగింటికీ విడివిడిగా సమయం రాసుకోండి. మర్నాడు ఇంకో పది నిమిషాలు చేయండి, టైట్రేషన్‌లో రీడింగు రెండోసారి తీసినట్టు. రెండు లెక్కలూ దగ్గరగా వస్తే అదే మీ అసలు వేగం. ఎవరైనా ఆడియో నిమిషానికి ఇంత ఇస్తామంటే దాన్ని అరవైతో హెచ్చించి, ఒక ఆడియో నిమిషానికి మీకు పట్టే నిమిషాలతో భాగించండి. మీ గంట ఖరీదు వస్తుంది. ఆ ఖరీదు మీకు నచ్చితేనే సరేననండి.